97 నుంచి 112 దాకా

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద టార్పాలిన్లు పరుచుకుని పాత పుస్తకాలవాళ్లు కూర్చుంటారు. ఇంగ్లీషు నవలలు ఒకచోట గుట్టగా పోసి ఉంటాయి, ఏది తీసినా ఒకటే ధర. ఇంకోచోట పిల్లల బొమ్మల పుస్తకాలు, మరోచోట కంప్యూటర్ పుస్తకాలు. వీళ్ల మధ్యే పాఠ్యపుస్తకాలు అమ్మేవాళ్లూ ఉంటారు గానీ వాళ్ల వ్యాపారం నవలలవాళ్ల వ్యాపారం లాంటిది కాదు. వాళ్లు పుస్తకాలను గుట్టగా పోయరు. వెన్ను పైకి కనిపించేలా వరసగా నిలబెడతారు. కొనడానికి వచ్చేవాళ్లకు ఏ పుస్తకం కావాలో ముందే తెలిసి ఉంటుంది, ఆ ఒక్కటి కాక ఇంకేదీ వాళ్లకు పనికిరాదు.

నవల పాతబడితే దాన్ని ఇష్టపడేవాళ్లు ఇంకా మిగిలే ఉంటారు. పాఠ్యపుస్తకానికి ఆ యోగం లేదు. సిలబస్ మారిన మర్నాడే అది కిలోల లెక్కలోకి వెళ్లిపోతుంది. ఇంట్లో అల్మరా సర్దేటప్పుడు ముందుగా బయటికి పోయేవి కథల పుస్తకాలు కావు, చదివేసిన ఇంటర్, డిగ్రీ పుస్తకాలు. అందుకే వేల ప్రతులు అచ్చయిన పాఠ్యపుస్తకం పదేళ్లు తిరిగేసరికి, ఎప్పుడో వెయ్యి ప్రతులే వేసిన కవితా సంకలనం కంటే అరుదైపోతుంది. కాలం చెల్లిన పాఠ్యపుస్తకం కోసం ఎవరైనా వచ్చి అడిగితే ఫుట్‌పాత్ వ్యాపారి ఎలా వెతుకుతాడన్నది ఇక్కడ ఒక కథగా చెప్పుకోవచ్చు. ఇందులోని మనుషులు ఫలానా ఒకరని కాదు. వెతుకులాట సాగే తీరు మాత్రం కోఠి, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద కనిపించేదే.

ఒక ఆదివారం పదకొండు గంటల వేళ ఒక అమ్మాయి వచ్చి వరసలన్నీ ఒకసారి చూసి అడిగింది.

"కాకా, ఇంటర్ లాజిక్ ఉందా? తెలుగు అకాడమీది."

వ్యాపారికి అరవై దగ్గర పడి ఉంటాయి. మిగతా రోజుల్లో కోఠిలో, ఆదివారం ఇక్కడ. వెతకడానికి లేవలేదు. ఆ పుస్తకం తన వరసలో లేదని చూడకుండానే ఆయనకు తెలుసు.

"లాజిక్కా? ఫస్టియరా, సెకండియరా?"

"ఫస్టియర్."

"పరీక్షకా, చదువుకోనీకా?"

ఈ రెండో ప్రశ్న వినేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ పాఠ్యపుస్తకాల వ్యాపారంలో అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే. పరీక్ష కోసమైతే ఇప్పటి సిలబస్‌కు సరిపోయే ముద్రణే కావాలి, పాతది ఇస్తే విద్యార్థి నష్టపోతాడు. చదువుకోవడానికైతే ఏ ముద్రణైనా ఫరవాలేదు, వెతకాల్సిన కాలం పది పదిహేనేళ్లకు విస్తరిస్తుంది, దొరికే అవకాశం కూడా అంతే పెరుగుతుంది.

"చదువుకోనీకే కాకా. ఎం.ఏ. ఫిలాసఫీ. పరీక్ష తెలుగుల రాస్తున్న. ఇంగ్లీషు పుస్తకం ఉంది, అర్థమయితది. రాసేటప్పుడు తెలుగు మాటలే దొరుకుతలేవు."

ఆ అమ్మాయి దగ్గర ఉన్న ఇంగ్లీషు పుస్తకం తర్కశాస్త్ర విద్యార్థులు ఎక్కువగా చదివే ఇర్వింగ్ కోపీ గ్రంథం. మొదట 1953లో వచ్చింది, తర్వాత ఎన్నో కూర్పులు పొందింది, ఇండియాలో ఎప్పుడైనా దొరుకుతుంది. ఆమెకు కావలసింది విషయం కాదు, పరిభాష. నిగమనం, ఆగమనం అన్న మాటలు ఆమెకు తెలుసు. వాటి లోపలి భాగాలకు, ఒక్కో దోషానికి, ఒక్కో నియమానికి తెలుగులో స్థిరపడిన పేరేమిటో తెలియదు. సొంతంగా పదం కల్పించుకుని రాస్తే దిద్దేవారికి అది ఏ పదానికి బదులో అర్థం కాకపోవచ్చు. వెనకటి తరం తెలుగు మాధ్యమంలో నేర్చుకున్న మాటలు అకాడమీ పుస్తకంలో ఉంటాయని ఆమె లెక్చరర్ చెప్పి పంపారు.

తెలుగు అకాడమీ 1968లో ఏర్పడింది. ఇంటర్ నుంచి పీజీ దాకా తెలుగులో పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తయారుచేయడం దాని పని. ప్రాంతీయ భాషల్లో విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలు తేవడానికి కేంద్రం పెట్టిన పథకం సొమ్ముతో చాలా పుస్తకాలు వచ్చాయి, ఆ మాట ఆ పుస్తకాల ముందు పేజీల్లోనే అచ్చయి ఉంటుంది. ధర తక్కువగా ఉండేది ఆ సాయం వల్లే. ఇలాంటి పుస్తకం అచ్చు ఆగిపోవడానికి ఎవరూ తీర్మానం చేయనక్కర్లేదు. ఉన్న ప్రతులు అయిపోతాయి, మళ్లీ వేయడానికి సరిపడా అడిగేవాళ్లు ఉండరు, అంతే. ఇంటర్‌లో తర్కశాస్త్రం తీసుకునేవాళ్లు మొదటి నుంచీ కొద్దిమందే, చెప్పే కాలేజీలూ కొద్దే. ఆ మీదట డిగ్రీలో ఏడాది పద్ధతి పోయి సెమిస్టర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. తెలుగు మాధ్యమం పుస్తకాన్ని నిలబెట్టే పాఠకులు ఒక్కొక్క మెట్టు దగ్గర తగ్గుతూ వచ్చారు.

ముద్రణ పరంగా ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్లు దాన్ని అంతగా పట్టించుకోరు. సీసపు అక్షరాల కాలంలో ఫారం అచ్చయ్యాక అక్షరాలు విడగొట్టి వేరే పనికి వాడేవారు, మళ్లీ వేయాలంటే మళ్లీ కూర్చాల్సిందే. కంప్యూటర్ వచ్చాక పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో పేజీలు కట్టారు. అవి యూనికోడ్ కావు. ఆ ఫైలు భద్రంగా ఉన్నా నేటి యంత్రంలో తెరిస్తే అక్షరాలన్నీ చిందరవందరగా కనిపిస్తాయి. కాబట్టి రెండు వందలమంది అడిగినా సరే, అప్పటికప్పుడు రెండు వందల ప్రతులు వేయడం తేలిక కాదు.

పాత పుస్తకాల స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి గదా అని ఎవరైనా అడుగుతారు. ఆమె ముందు అక్కడే చూసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ అయిన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంకా వెనకటి కాలానివి. ఇరవై ఏళ్ల కిందటి ఇంటర్ పాఠ్యపుస్తకాన్ని భద్రపరచాలని ఎవరికీ తోచదు.

"గా బుక్కు నేను చూడక ఏడెనిమిదేండ్లయింది బిడ్డా," అన్నాడు వ్యాపారి. "లేదని మాత్రం చెప్పను. నంబరు రాసిపో. అడ్వాన్సు వద్దు."

అడ్వాన్సు వద్దనడం మంచితనం ఒక్కటే కాదు. డబ్బు తీసుకుంటే గడువు చెప్పాలి, ఈ పనికి గడువు ఉండదు. పైగా ఈలోపు విద్యార్థికి ఇంకెక్కడైనా దొరికితే డబ్బు తిరిగి ఇవ్వడంలో మాటా మాటా వస్తుంది. ఆయన దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంది. అందులో రాసుకున్నవి నాలుగే: పుస్తకం పేరు, ఫస్టియర్ అన్న మాట, 'ఏ ప్రింటయినా', ఫోన్ నంబరు. కవరు ఏ రంగో ఆయన అడగలేదు. ఒకే పుస్తకానికి ముద్రణ ముద్రణకూ కవరు మారుతుంది, ఒకే కవరు మీద రంగు మాత్రం మార్చి రెండు సంవత్సరాల పుస్తకాలూ వేసిన సందర్భాలూ ఉంటాయి. రంగును నమ్ముకుని వెతికేవాడు తప్పు పుస్తకం తెస్తాడు.

ఆ తర్వాత వెతుకులాట మొదలయ్యేది గుట్టల్లో కాదు, బుర్రలో. ఈ పుస్తకం ఎవరెవరి చేతుల్లోకి వెళ్లి ఉంటుంది, వాళ్లలో ఎవరు ఇంకా పారేయకుండా ఉంచుకుని ఉంటారు? అనుభవమున్న వ్యాపారి ఈ ప్రశ్నకు జవాబు వెతికి, ఆ తర్వాతే ఫోను తీస్తాడు.

మొదటి వర్గం ఇంటర్ విద్యార్థులు. మార్చిలో పరీక్షలు అయిపోగానే ఏప్రిల్, మే నెలల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, పుస్తకాలు పాత పేపర్ల బండికి వెళతాయి. బండివాడు వాటిని తూకం దుకాణంలో వేస్తాడు. పుస్తకాల వ్యాపారి వారానికోసారి ఆ దుకాణాలు తిరిగి, కాగితపు మిల్లుకు పోయే లారీ ఎక్కకముందే పనికొచ్చేవి ఏరుకుంటాడు. ఇప్పటి ఎప్‌సెట్ పుస్తకాలకు ఈ దారి బంగారు గని లాంటిది. పదేళ్ల కిందట అచ్చు ఆగిన లాజిక్ పుస్తకానికి మాత్రం ఈ దారి మూసుకుపోయింది. విద్యార్థుల దగ్గరున్న ప్రతులు ఏనాడో అట్టపెట్టెలుగా మారిపోయి ఉంటాయి. కాబట్టి తూకం దుకాణాల్లో దీని కోసం ప్రత్యేకంగా అడగడం దండగ.

రెండో వర్గం కాలేజీ లైబ్రరీలు. అక్కడ తప్పక ఉంటుంది, కానీ అమ్మకానికి కాదు. లైబ్రరీలు చిరిగినవీ వాడకంలో లేనివీ జాబితా రాసి రద్దు చేస్తాయి, వాటి మీద రద్దు ముద్ర వేసి వేలానికి పెడతాయి. ఆ ముద్ర ఉన్న పుస్తకాన్ని ధైర్యంగా అమ్మవచ్చు. లైబ్రరీ ముద్ర ఉండి రద్దు ముద్ర లేకపోతే అది ఎవరో తిరిగి ఇవ్వని పుస్తకం.

మూడో వర్గం అందరికీ తట్టదు. సివిల్స్ మెయిన్స్‌లో తత్వశాస్త్రం ఒక ఆప్షనల్, తెలుగులో కూడా రాయవచ్చు. అలా రాసేవాళ్లకు తెలుగులో తర్కం చెప్పే పుస్తకం కావాలి, ఇంటర్ పుస్తకంతోనే మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. హైదరాబాదులో వీళ్ల మకాం అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల. నాలుగైదేళ్లు ప్రయత్నించి గది ఖాళీ చేసి ఊరెళ్లిపోయేటప్పుడు బస్తా పుస్తకాలు ఆ వీధిలోనే ఎవరికో అమ్మి వెళతారు.

నాలుగో వర్గం ఆ పాఠం చెప్పిన లెక్చరర్లు. వీళ్లకు పుస్తకం మీద మమకారం ఉంటుంది, రిటైరయ్యాక కూడా పారేయరు. వాళ్ల పుస్తకాలు బయటికి వచ్చేది ఇల్లు మారినప్పుడు, లేదా వాళ్లు పోయాక పిల్లలు అల్మరా ఖాళీ చేసినప్పుడు. కాబట్టి ఆ పుస్తకాలు ఇరవై, పాతికేళ్లు ఆలస్యంగా ఫుట్‌పాత్‌కు చేరతాయి. అచ్చు ఆగిన పాఠ్యపుస్తకానికి సరిగ్గా ఈ ఆలస్యమే అక్కరకొస్తుంది.

వ్యాపారి ఆ రాత్రి మూడు, నాలుగు వర్గాలను మనసులో పెట్టుకుని ఫోను తీశాడు. ఒకటి చిక్కడపల్లిలో పోటీ పరీక్షల పాత పుస్తకాలు అమ్మే కుర్రాడికి. ఇంకోటి పాత పుస్తకాలవాళ్ల వాట్సాప్ గుంపుకు, అందులో హనుమకొండ, కరీంనగర్, విజయవాడ ఏలూరు రోడ్డు వాళ్లు కూడా ఉన్నారు. పంపింది రాత కాదు, ఇరవై సెకన్ల మాట. చివర ఒక షరతు చేర్చాడు: "కవరు ఫోటో వద్దు, లోపల వెల ఉన్న పేజీ ఫోటో పెట్టుండ్రి."

ఆ పేజీ శీర్షిక పేజీకి వెనక వైపు ఉంటుంది. మొదటి ముద్రణ ఏ సంవత్సరం, పునర్ముద్రణలు ఎప్పుడెప్పుడు, ఎన్ని ప్రతులు, వెల ఎంత అన్నీ అక్కడే. తెలుగు పుస్తకాల్లో ప్రతుల సంఖ్య అచ్చు వేయడం మంచి అలవాటు. రెండు వేలు అని ఉంటే ఒక రకంగా, ఇరవై వేలు అని ఉంటే ఇంకో రకంగా వ్యాపారి ధర ఆలోచిస్తాడు. కవరు చిరిగినా, అట్ట మార్చి బైండు చేయించినా ఈ పేజీ ఒక్కటి ఉంటే పుస్తకం ఏదో తేలిపోతుంది.

వారం రోజుల్లో నాలుగు జవాబులు వచ్చాయి. మొదటిది షరతు వినకుండా పంపిన కవరు ఫోటో. 'తర్కశాస్త్రం' అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి, ఏ సంవత్సరమో ఉన్న మూల చిరిగిపోయింది. విషయసూచిక పేజీ పంపమంటే వచ్చింది. అందులో పరికల్పన, పరిశీలన, ప్రయోగం లాంటి అధ్యాయాలున్నాయి. అంటే ఆగమనం, సెకండియర్ పుస్తకం. ఆ అమ్మాయికి కావలసిన నిగమనం అందులో లేదు. తత్వశాస్త్రం ఒక్క ముక్క చదవని వ్యాపారికి ఈ తేడా ఎలా తెలుసునంటే, ఏళ్ల తరబడి రెండు పుస్తకాల విషయసూచికలూ కళ్ల ముందు నుంచి పోయాయి గనుక. ఆయనకు పాఠం తెలియదు, పాఠాల పేర్లు తెలుసు. ఈ వృత్తికి అది చాలు.

రెండోది విజయవాడ నుంచి. పుస్తకం సరైనదే, శుభ్రంగా ఉంది. శీర్షిక పేజీ మీద ఒక కాలేజీ లైబ్రరీ గుండ్రటి ముద్ర, దాని కింద చేత్తో రాసిన అంకె. రద్దు ముద్ర ఎక్కడా లేదు. పంపినవాడు "ఆ పేజీ తీసేసి పంపనా?" అని కూడా అడిగాడు. వ్యాపారి వద్దన్నాడు. లైబ్రరీలు శీర్షిక పేజీతో పాటు మధ్యలో ఎక్కడో ఒక రహస్య పేజీ మీద కూడా ముద్ర వేస్తాయి, ఒక పేజీ చింపినంత మాత్రాన గుర్తు పోదు. పేజీ చింపిన పుస్తకం చూస్తే తెలిసినవాళ్లకు ఇంకా అనుమానం.

మూడోది చిక్కడపల్లి కుర్రాడు చేతిలో పట్టుకునే వచ్చాడు. అట్ట లేదు, ముందు ఎనిమిది పేజీలు లేవు, పుస్తకం మధ్యలో మొదలవుతోంది. పేజీల నిండా పసుపు గీతలు, అంచుల్లో పెన్నుతో నోట్సు. ఎవరో సివిల్స్ అభ్యర్థి గట్టిగా చదివిన ప్రతి. దీన్ని అమ్మితే 'ఇదేం పుస్తకం' అని అమ్మాయి అడిగితే చూపించడానికి పేరు కూడా లేదు. వ్యాపారి ముప్పై రూపాయలిచ్చి తీసుకుని పక్కన పడేశాడు. తీసుకోకపోతే ఆ కుర్రాడు ఇంకోసారి వెతికి పెట్టడు. ఈ లెక్క కూడా ధరలో ఒక భాగమే.

నాలుగోది హనుమకొండ నుంచి. ఒక రిటైర్డ్ లెక్చరర్ ఇంటి పుస్తకాలు మొత్తం తూకానికి కొన్నాడట అక్కడి వ్యాపారి, అందులో ఉంది. వెల పేజీ ఫోటో సవ్యంగా ఉంది, ముద్ర లేదు, మొదటి పేజీలో సిరాతో ఒక సంతకం, తేదీ. ధర నూట యాభై అన్నాడు. ఆర్టీసీ కార్గోలో వేశాడు, మర్నాడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు వచ్చింది. కోఠి నుంచి నడిచి వెళ్లి తెచ్చుకునే దూరం.

పార్శిలు విప్పగానే ఆయన చూసేవి కొన్ని ఉంటాయి. ముందు వాసన. బూజు పట్టిన పుస్తకం కంటికి బాగున్నా ముక్కు చెబుతుంది, దాన్ని మిగతావాటి పక్కన పెడితే వాటికీ చెమ్మ అంటుకుంటుంది. తర్వాత వెన్ను దగ్గర సన్నటి బొక్కలు. బొక్క పక్కన తాజా పొడి రాలితే పురుగు లోపల ఇంకా బతికే ఉన్నట్టు. పొడి లేకపోతే పాత బొక్క, భయం లేదు. ఇది రెండిటికీ నెగ్గింది.

ఆ తర్వాతిదే అసలు పరీక్ష. పుస్తకాన్ని మొత్తం తిరగేయడు. 1, 17, 33, 49, 65, 81, 97 పేజీలు మాత్రం చూస్తాడు. పుస్తకం ఒక్కొక్క పేజీగా అచ్చు కాదు, పెద్ద కాగితం మీద పేజీలన్నీ ఒకేసారి అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. పాఠ్యపుస్తకాల్లో ఫారానికి పదహారు పేజీలుండటం మామూలు. ఒక్కో ఫారం మొదటి పేజీ అడుగున చిన్నగా ఫారం అంకె వేస్తారు, బైండింగ్ చేసేవాళ్లు ఆ అంకె చూసి వరసగా పేర్చి కుడతారు. చదివేవాళ్ల కంటికి ఆ అంకె ఆనదు. పేర్చేటప్పుడు పొరపాటు జరిగితే ఒకటి రెండు పేజీలు కాదు, ఏకంగా పదహారు పోతాయి. పాత పుస్తకంలో చిరిగిపోయిన పేజీ ఎవరికైనా కనిపిస్తుంది. బైండింగ్‌లోనే రాని ఫారం మాత్రం కనిపించదు. అక్కడ చిరుగు గుర్తు ఉండదు, కుట్టు బిగుతుగానే ఉంటుంది.

65 ఉంది, అడుగున 5. 81 ఉంది, అడుగున 6. దాని తర్వాతి ఫారం తిప్పితే మళ్లీ 81, అడుగున మళ్లీ 6. దాని తర్వాత 113, అడుగున 8. ఆరో ఫారం రెండుసార్లు కుట్టారు, ఏడోది లేదు. 97 నుంచి 112 దాకా పదహారు పేజీలు ఈ పుస్తకంలో పుట్టుక నుంచీ లేవు. లెక్చరర్ గారు పాతికేళ్లు దాన్ని గమనించలేదో, గమనించి క్లాసులో ఇంకో ప్రతి వాడుకున్నారో తెలియదు. 96వ పేజీ చివర సగం వాక్యం, 113 మొదట్లో వేరే పాఠం.

విషయసూచిక చూస్తే ఆ పదహారు పేజీల్లో ఉన్నవి తర్కదోషాలు, వృత్తాలు గీసి వాదం సరైనదో కాదో తేల్చే వెన్ చిత్రాలు. ఆ అమ్మాయి దేనికోసం పుస్తకం అడిగిందో సరిగ్గా ఆ పదాలున్న చోటు.

ఇలాంటప్పుడు వ్యాపారికి మూడు దారులుంటాయి. హనుమకొండకు తిప్పి పంపడం ఒకటి, రెండు వైపులా కార్గో ఖర్చు, పుస్తకం మళ్లీ దొరక్కపోవచ్చు. ఏమీ చెప్పకుండా అమ్మేయడం ఇంకోటి, ఫుట్‌పాత్ మీద అలా చేసేవాళ్లు లేకపోలేదు, కొన్నవాళ్లకు ఇంటికెళ్లాక తెలుస్తుంది. మూడోది ఇంకో ప్రతి నుంచి ఆ పేజీలు తెచ్చి కలపడం. ఆయన పక్కన పడేసిన తల లేని ప్రతి తీశాడు. 97 ఉంది. పసుపు గీతల మధ్య 112 దాకా అన్నీ ఉన్నాయి. ముందు ఎనిమిది పేజీలు లేని పుస్తకంలో ఈ పదహారు ఉన్నాయి, ఇవి లేని పుస్తకంలో ఆ ఎనిమిది ఉన్నాయి.

తల లేని ప్రతి నుంచి ఫారం విప్పి ఇందులో కుట్టవచ్చు గానీ అప్పుడు ఆ ప్రతి పూర్తిగా చెత్త అవుతుంది. ఆయన విప్పలేదు. జిరాక్స్ తీయించాడు, ఎదురెదురు రెండేసి పేజీలు ఒక కాగితం మీద, మొత్తం ఎనిమిది కాగితాలు. సొంత చదువుకు న్యాయమైన మేరకు నకలు తీసుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. చేతిలో ఉన్న పుస్తకంలో లోపించిన పేజీల కోసం నకలు తీయడం అలాంటి పనే. పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి బైండు చేసి వరసలో నిలబెట్టి అమ్మడం వేరే సంగతి, అచ్చు ఆగిపోయినంత మాత్రాన హక్కులు పోవు. అయినా కోఠిలో అలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. గుర్తు పట్టడం కష్టం కాదు: కాగితం మరీ తెల్లగా, బరువుగా ఉంటుంది, అక్షరాల చుట్టూ నల్లటి నీడ, వెన్ను దగ్గర వాక్యాల చివర్లు మింగేసి ఉంటాయి.

తర్వాతి ఆదివారం అమ్మాయి వచ్చింది. వ్యాపారి ముందు లోపం చూపించాడు, రెండుసార్లు వచ్చిన 81వ పేజీ తిప్పి, జిరాక్స్ కాగితాలు మధ్యలో పెట్టి. ఆ తర్వాత ధర చెప్పాడు.

"మూడు వందలు బిడ్డా."

ఆమె వెల పేజీ తిప్పింది. "ముప్పై ఎనిమిది అని ఉంది కదా కాకా."

ఈ మాట ఫుట్‌పాత్ మీద రోజూ వినబడేదే, అడిగేవాళ్ల తప్పు కూడా కాదు. అచ్చయిన వెల సాయం ఉన్న కాలానిది, కొత్త పుస్తకానిది. వ్యాపారి లెక్క వేరు. హనుమకొండకు నూట యాభై, కార్గోకు అరవై, చిక్కడపల్లి ప్రతికి ముప్పై, జిరాక్స్‌కు పదహారు. రెండు వందల యాభై ఆరు అప్పటికే పోయింది, మిగిలేది నలభై నాలుగు. హనుమకొండ వ్యాపారి నూట యాభై అడగడం కూడా చూడ్డానికి అన్యాయంగా ఉంటుంది, తూకంలో ఆ పుస్తకం ఆయనకు నాలుగు రూపాయలు పడి ఉంటుంది. కానీ ఆయన ఇల్లు మొత్తం కొన్నాడు. బస్తాల కొద్దీ తెచ్చినదాంట్లో నాలుగో వంతు కూడా అమ్ముడుపోదు, మిగిలింది కొన్న ధరకే, ఒక్కోసారి ఇంకా తక్కువకు, తిరిగి మిల్లుకు పోతుంది. అమ్ముడుపోయే కొన్ని పుస్తకాలే మొత్తం బస్తా భారం మోయాలి.

అమ్మాయి రెండు వందల డెబ్భై ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. అంటే పద్నాలుగు రూపాయలు మిగిలాయి, రెండు వారాలకు. ఒక్క పుస్తకం మీద చూస్తే ఇది వ్యాపారమే కాదు. ఇలాంటి వెతుకులాటలో ఆదాయం ఇంకోచోట ఉంది. ఆ అమ్మాయి క్లాసులో ఇంకో ఐదారుగురు ఉంటారు, వాళ్లకు కావలసిన మిగతా పుస్తకాలు ఇక్కడే అడుగుతారు. ఇంకా ముఖ్యంగా, ఆ ఇంగ్లీషు, తెలుగు పుస్తకాలన్నీ ఎం.ఏ. అయ్యాక అమ్మేటప్పుడు బండివాడికి కాక ఈయనకే అమ్ముతారు. పాత పుస్తకాలవాడికి కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్లు దొరకడమే కష్టం. వెళ్లేముందు ఆయన అడిగింది కూడా ఒకటే: "మీ సారు రిటైరయ్యేది ఎప్పుడు బిడ్డా?"

తల లేని ప్రతి మిగిలింది. వ్యాపారి దానికి పాత క్యాలెండర్ అట్ట ఒకటి వేసి, లోపల పెన్సిల్‌తో రాసుకున్నాడు: 'లాజిక్ ఫస్టియర్, అకాడమీ. ముందు 8 లేవు. 97-112 ఉన్నాయి.' వరసలో నిలబెట్టలేదు. లెక్కల పుస్తకం ఉండే సంచిలోనే అడుగున పెట్టాడు. ఈసారి ఎవరైనా లాజిక్ అడిగితే, ముందు పేజీలు మాత్రం బాగున్న ప్రతి ఇంకోటి ఎక్కడైనా ఉందా అని ఫోను చేస్తాడు.